జాగ్రత్త: పోలీసు ఫిర్యాదుకు ఇంగ్లిష్ అనువాదం చేయించుకునేవారు ఇది చదివి డబ్బు కట్టండి

అందరికీ నమస్కారం. పోలీస్ స్టేషన్‌లో తెలుగులో ఇచ్చిన ఫిర్యాదుకు ఇంగ్లిష్ అనువాదం కావాలని ఒక అనువాద సంస్థకు డబ్బు కట్టి మా కుటుంబం ఇబ్బంది పడింది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసమో, వీసా కోసమో, వేరే రాష్ట్రంలోని వకీలు కోసమో ఇలాంటి అనువాదం చేయించుకోబోయేవారు, చేతికి వచ్చిన కాగితంలో ఏమేమి సరిచూసుకోవాలో తెలియడానికి మా విషయం వివరంగా రాస్తున్నాను.

కరీంనగర్ జిల్లాలో ఒంటరిగా ఉండే మా పిన్ని మార్చి 11న ఇంటికి తాళం వేసి కూతురి ఊరికి వెళ్లింది. 13వ తేదీ ఉదయం పాలు పోసే అతను తలుపు తెరిచి ఉండటం చూసి ఫోన్ చేస్తే, బస్సెక్కి వచ్చి చూసుకుంది. తాళం పగిలి గడప దగ్గర పడి ఉంది, బీరువా తెరిచి ఉంది. 100కు ఫోన్ చేసింది, పోలీసులు వచ్చి చూశారు, ఆ సాయంత్రం స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాసి ఇచ్చింది. ఇంటి సామానుకు దొంగతనం పాలసీ ఉన్నందున, ఎఫ్ఐఆర్‌తో పాటు ఆ ఫిర్యాదుకు ఇంగ్లిష్ అనువాదం కావాలని ఇన్సూరెన్స్ వాళ్లు అడిగారు.

వచ్చిన అనువాదం చూడటానికి చక్కగా ఉంది: మంచి ఇంగ్లిష్, పొందికైన పేరాలు, కింద ముద్ర. తెలుగు ప్రతిని పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదివినప్పుడే అసలు సంగతి బయటపడింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఒక చిన్న వాక్యంలో ఉంది. ఫిర్యాదులో పిన్ని, "12వ తేదీ రాత్రి ఒంటిగంటప్పుడు కుక్కలు బాగా మొరిగాయట, ఎదురింటి వాళ్లు చెప్పారు" అని రాసింది. అనువాదంలో అది, మార్చి 12 తెల్లవారుజామున ఒంటిగంటకు ఫిర్యాదుదారు కుక్కల అరుపులు విన్నట్టుగా మారింది. ఇందులో రెండు తప్పులు కలిసిపోయాయి. ఎదురింటివారి మాట పిన్ని స్వయంగా విన్న విషయం అయిపోయింది. అంటే ఆ రాత్రి ఊళ్లోనే లేని మనిషిని ఈ కాగితం ఇంట్లో కూర్చోబెట్టింది. ఇక తేదీ సంగతి: మన ఊళ్లలో 12వ తేదీ రాత్రి ఒంటిగంట అంటే 12వ తేదీ పొద్దుగూకి, అర్ధరాత్రి దాటిన తర్వాత వచ్చే ఒంటిగంట, క్యాలెండర్ ప్రకారం అది 13. అనువాదకుడు దాన్ని 12వ తేదీ మొదటి గంటల్లో పెట్టడంతో నేరం ఒక రోజు వెనక్కి జరిగింది. ఇలాంటి చోట ఫిర్యాదులో ఉన్న మాటను ఉన్నట్టే, అంటే 12వ తేదీ రాత్రి ఒంటిగంట అనే రాసి, సందేహం ఉంటే విడిగా అనువాదకుడి గమనికగా చూపాలి. ఏ తేదీయో తేల్చడం దర్యాప్తు చేసేవారి పని.

తాళం విషయం డబ్బుకు నేరుగా సంబంధించినది. దొంగతనం పాలసీలు చాలావరకు బలవంతంగా ఇంట్లోకి చొరబడిన ఆనవాళ్లు ఉంటేనే పరిహారం ఇస్తాయి. తాళం పగిలి పడి ఉందని పిన్ని స్పష్టంగా రాస్తే, అనువాదంలో తాళం తీసి ఉందని అర్థం వచ్చే క్రియ వాడారు. ఇంగ్లిష్ ప్రతి ఒక్కటే చదివే సర్వేయర్‌కు, ఇది ఎవరో తాళంచెవితో తెరిచిన ఇల్లులా కనిపిస్తుంది.

వరుస మార్చడం మూడో నష్టం. మొదట గొలుసు, గాజులు మాత్రమే పోయాయనుకున్నాననీ, పోలీసులు వచ్చి వెళ్లిన తర్వాత బీరువా అడుగు అర వెతికితే కమ్మలు కూడా లేవని తెలిసిందనీ పిన్ని రాసింది. అనువాదకుడికి ఇది చిందరవందరగా తోచిందేమో, మూడు నగలనూ ఒకే జాబితాగా చేర్చి పోలీసులు రాకముందే పెట్టేశాడు. పోలీసులు ఇల్లు చూసి రాసుకున్నప్పుడు కమ్మల ప్రస్తావన లేదు. ఫిర్యాదులోని వరుస అలాగే ఉంటే ఎందుకు లేదో దానంతటదే తెలుస్తుంది. వరుస మారిస్తే, కమ్మలు తర్వాత కల్పించి చేర్చినట్టు కనిపిస్తుంది. భయంలో, దుఃఖంలో ఉన్న మనిషి చెప్పిన మాటలు వెనకా ముందూ అవుతాయి. ఆ వెనకా ముందూ కూడా వాంగ్మూలంలో భాగమే.

నాలుగు తులాల గొలుసును 46.6 గ్రాములు అని మార్చడం మరొకటి. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు కావచ్చు కానీ, మా వైపు నగల దుకాణంలో తులమంటే 10 గ్రాములే, రసీదు కూడా 40 గ్రాములకే ఉంది. ఆంధ్ర ప్రాంతంలో కాసుల్లో చెప్పేవారికీ ఇదే చిక్కు రావచ్చు. ఫిర్యాదులో లేని అంకెను అనువాదంలో పుట్టించకూడదు. కొలతను తులాల్లోనే ఉంచి, గ్రాములు చెప్పే పని రసీదుకు వదిలేయాలి.

చివర, చదివి వినిపించగా విని సరిగా ఉందని ఒప్పుకున్నట్టు ఉన్న వాక్యం, సంతకం, స్టేషన్ ముద్ర, అందిన సమయం, కొట్టివేసిన ఒక పదం, ఇవేవీ అనువాదంలో లేవు. అవి విషయం కావని సంస్థ జవాబిచ్చింది. కొట్టివేసిన పదాన్ని కూడా కొట్టివేత అని చూపాలని వారికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

నోటరీ ముద్ర ఉంది కదా అని నమ్మవద్దు. 1952 నాటి నోటరీల చట్టం అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించే పనిని కూడా నోటరీకి ఇచ్చింది, నిజమే. కానీ మాకు వచ్చిన కాగితం మీద ముద్ర అనువాదకుడి అఫిడవిట్ కింద పడింది. అది అతను నోటరీ ఎదుట సంతకం చేశాడని మాత్రమే చెబుతుంది, రెండు ప్రతులనూ పోల్చి చూశారని చెప్పదు. ముద్ర దేని కింద ఉందో చదవండి.

తప్పులన్నీ రాసి పంపితే భాష మరింత మెరుగుపరిచిన ప్రతి ఒకటి వచ్చింది. తాళం మాత్రం సరిచేశారు. కుక్కల వాక్యం అలాగే ఉంది. చివరకు కోర్టు కాగితాలు అనువదించే అలవాటున్న ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాం. ఆయన తెలుగు ప్రతిలో వాక్యాలకు పెన్సిల్‌తో నంబర్లు వేసి, ఇంగ్లిష్‌లోనూ అవే నంబర్లతో రాశారు. తర్వాత, అసలు ఫిర్యాదు చూడని మా తమ్ముడు ఆ ఇంగ్లిష్ ప్రతిని చూస్తూ పిన్నికి తెలుగులో చెప్పాడు. తాను చెప్పనిది ఎక్కడైనా వినిపిస్తే ఆపమన్నాం. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లతో అనువాదం సరిచూసుకోవడానికి ఇంతకంటే తేలికైన పద్ధతి నాకు తెలియదు. ఒకచోట పిన్ని ఆపింది: గాజులు రెండు అని ఉంది, తాను రాసింది రెండు జతలు.

డబ్బు కట్టేముందు ఆ సంస్థనో మనిషినో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: వాక్యాల వరుస మారదా, కొలతలూ సమయాలూ మార్చకుండా ఉంచుతారా, ముద్రలూ సంతకాలూ కొట్టివేతలూ చూపుతారా. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది కాబట్టి, అనువాదానికి మసక ఫోటో ఇవ్వకుండా ఆ ప్రతినే ఇవ్వండి. మేము కట్టిన డబ్బు ఇంకా తిరిగి రాలేదు. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేసి, సంస్థ జవాబు కోసం చూస్తున్నాము.