రీఫిల్లా, కంపాటిబుల్ కార్ట్రిడ్జా: ఏది మేలు?

హాల్ టికెట్లు, అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నాకు తెలిసిన నెట్ సెంటర్ల వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. “అన్నా, ప్రింటర్‌కి ఒరిజినల్ ఇంకు కార్ట్రిడ్జ్ కొని కిట్టుబాటు కావడం లేదు. ఉన్నదాన్నే రీఫిల్ చేయించేదా, ఆన్‌లైన్‌లో వేరే కంపెనీ చేసిన కంపాటిబుల్ తెప్పించుకునేదా?” అందరూ రేటు, ఇంకు క్వాలిటీ చూసుకుని అడుగుతారు. నేనైతే ముందు కార్ట్రిడ్జ్ మీద చిప్ ఎవరిదో చూస్తాను. మిగతావన్నీ ఆ తర్వాతే.

లోపల పోసిన ఇంకు ఎవరిదో ప్రింటర్‌కి తెలియదు. అది చదివేది చిప్‌ని. ఈ కార్ట్రిడ్జ్ ఏ రకం, దీని నంబరు ఎంత, ఇంతవరకు ఎంత ఖర్చయింది అన్నది అక్కడ ఉంటుంది. ఇంకు లెవెల్ కూడా చాలా ప్రింటర్లు కొలిచి చెప్పవు, ఎన్ని చుక్కలు కొట్టామో లెక్కేసి చెబుతాయి. అందుకే నిండా ఇంకు పోయించి తెచ్చినా తెర మీద ఖాళీ అనే చూపిస్తుంది.

హెచ్‌పీ తన ప్రింటర్లలో చాలావాటి గురించి ఒక మాట స్పష్టంగానే రాస్తుంది: కొత్త హెచ్‌పీ చిప్ గానీ, తిరిగి వాడిన హెచ్‌పీ చిప్ గానీ ఉన్న కార్ట్రిడ్జ్‌లతోనే పనిచేస్తుందని. “తిరిగి వాడిన” అన్నారు కదా, రీఫిల్‌కి దారి అక్కడే ఉంది. ఒరిజినల్ ఖాళీ డబ్బాలో ఇంకు పోస్తే చిప్ కంపెనీదే కాబట్టి మామూలుగా లోపలికి రానిస్తుంది. కంపాటిబుల్ మీద ఉండేది నకలు చిప్. ఇవాళ ఒప్పుకున్నా, రేపు ప్రింటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్ వచ్చాక ఒప్పుకుంటుందన్న గ్యారంటీ లేదు. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు చాలా దేశాల్లో ఒక్కసారిగా బయటి కార్ట్రిడ్జ్‌లను తోసిపుచ్చితే పెద్ద గొడవే అయింది.

కావలిలో మా బావకి జిరాక్స్ షాపు ఉంది. ఆయన దగ్గరున్నది నాలుగు రంగులకు నాలుగు విడి కార్ట్రిడ్జ్‌లు వేసే ప్రింటర్. కంపెనీ పేరు ఎందుకులెండి. కంపాటిబుల్ సెట్ తెప్పించి వేశాడు, కొన్ని నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తి ఆన్ చేస్తే నాలుగూ చెల్లవంది. “ఏంది బావా, రాత్రి దాకా బాగానే కొట్టిందే!” అని ఫోన్. అప్పటికే చిప్‌లన్నీ తీసి తుడిచి పెట్టాడట, లాభం లేదు.

నాలుగూ ఒకేసారి పోయాయి అన్నప్పుడే నాకు సంగతి అర్థమైంది. దుమ్ము, ఇంకు మరక అయితే ఏదో ఒక రంగు దగ్గర ఎర్రర్ వస్తుంది. నాలుగూ ఒకే పొద్దున మొండికేశాయంటే తుడిచి లాభం లేదు, రాత్రి వైఫైలో అప్‌డేట్ దిగి ఉంటుందని అనుమానించాలి. సెట్టింగ్స్‌లో చూస్తే అదే జరిగింది. అదృష్టం కొద్దీ ప్రింటర్‌తో వాడిన ఒరిజినల్ ఖాళీలు ఒక అట్టపెట్టెలో పడేసి ఉంచాడు. వాటిని రీఫిల్ చేయించి పెడితే, వాడేసిన కార్ట్రిడ్జ్ అని హెచ్చరించింది, ఓకే నొక్కితే ప్రింట్ వచ్చింది. లెవెల్ మాత్రం ఇప్పటికీ ఖాళీ అనే చూపిస్తోంది. ఆటో అప్‌డేట్ ఆపేశాం. కాకపోతే అప్‌డేట్ దిగకముందు ఆపితేనే దానికి విలువ, దిగాక ఆపినా తోసేసిన చిప్ మళ్లీ చెల్లదు.

ఇంకొకరి దగ్గర ఖాళీలు కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. హెచ్‌పీలో Cartridge Protection అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉన్న ప్రింటర్‌లో ఒకసారి పెట్టిన కార్ట్రిడ్జ్ శాశ్వతంగా ఆ ప్రింటర్‌కే ముడిపడిపోతుంది. తర్వాత సెట్టింగ్ ఆఫ్ చేసినా పాతది విడిపడదు.

ఇళ్లలో ఉండే చిన్న ప్రింటర్ల సంగతి వేరు. హెచ్‌పీ 680, 803, 805, క్యానన్ పీజీ-745 లాంటి వాటిలో ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లున్న ప్రింట్ హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది. వెనక వైపు రాగి రంగు చుక్కలు వరసగా కనిపిస్తాయే, అవే కాంటాక్టులు. ఇక్కడ నా ఓటు సందేహం లేకుండా రీఫిల్‌కే. రేటు తక్కువని చూసి కంపాటిబుల్ తెచ్చుకున్నా, ఈ రకంలో అది చాలావరకు ఎవరో వాడేసిన ఒరిజినల్‌నే మళ్లీ నింపి అమ్మేది. ఆ హెడ్ ఎంత అరిగిందో మనకేం తెలుసు?

అయితే రీఫిల్ బతకాలంటే పూర్తిగా ఎండిపోకముందే తీయాలి. వీటిలో ఇంకుని వేడిచేసి చుక్కగా చిమ్ముతారు, ఆ హెడ్‌ని చల్లబరిచేదీ ఆ ఇంకే. గీతలు పడుతున్నా ఇంకో పది కాపీలని లాగితే లోపలి సన్నని హీటర్లు కాలిపోవచ్చు. అలా కాలిన దానిలో ఎంత ఇంకు పోసినా ప్రింటర్ ఒప్పుకోదు. నలుపుకి పిగ్మెంట్ ఇంకు వాడే మోడల్ అయితే షాపులో పిగ్మెంటే పోయమనండి. డై ఇంకు కలిస్తే నాజిళ్లు మూసుకుపోవచ్చు.

రీఫిల్ చేశాక వచ్చే మెసేజ్‌లన్నీ ఒకటి కాదు. లెవెల్ ఖాళీ అన్నా, వాడేసినది అన్నా ఓకే నొక్కి ముందుకు పోవచ్చు. క్యానన్ చిన్న మోడళ్లలో E13 గానీ E16 గానీ వస్తే Stop బటన్ ఐదు సెకన్లకు పైగా నొక్కి పట్టుకోవాలి. ఇక ఆ కార్ట్రిడ్జ్‌కి లెవెల్ చూడటం మానేస్తుంది, ఆ కాపలా మనమే కాయాలి. కార్ట్రిడ్జ్‌లోనే లోపం ఉందంటే మాత్రం ముందు ఒక్కొక్కటీ బయటకు తీసి చూడండి. హెచ్‌పీ డెస్క్‌జెట్‌లలో చాలావరకు ఒక్క కార్ట్రిడ్జ్‌తో కూడా నడుస్తాయి కాబట్టి, దేన్ని తీస్తే ఎర్రర్ పోయిందో తప్పు దానిదే. పోగులు రాలని గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి రాగి చుక్కల్ని మెల్లగా తుడవాలి, నాజిళ్లకు తగలకూడదు. పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టాలి. ఎండాకాలంలో మాత్రం ఫ్యాన్ కింద గంటల తరబడి వదిలేశారో, నాజిళ్లు ఎండుకుపోతాయి. తుడిచినా అదే ఎర్రర్ అంటే హెడ్ పోయినట్టే, కొత్తది కొనుక్కోవాలి.

కంపాటిబుల్‌కి న్యాయంగా మొగ్గు వచ్చే చోటు ఒకటుంది. హెడ్ ప్రింటర్‌లోనే ఉండి, చిప్ ఖాళీ అనగానే ఓకే నొక్కే అవకాశం కూడా ఇవ్వకుండా ఆగిపోయే పాత ఎప్సన్ లాంటివి. అక్కడ ఒరిజినల్‌ని నింపినా చిప్ రీసెట్ కాకపోతే కదలదు. రీసెటర్ కొని దాని పిన్నులు చిప్‌కి ఆనించాలి, లేదంటే తనంతట తనే ఫుల్ అయ్యే ఆటో రీసెట్ చిప్ ఉన్న కంపాటిబుల్ వేసుకోవాలి. రెండోదే సులువు. కానీ ఆ చిప్ డబ్బా ఉత్తిదైనా ఫుల్ అనే చెబుతుంది. పారదర్శకంగా ఉన్న డబ్బా కొని కంటితో చూసుకోవడం మంచిది, హెడ్ ఎండిపోతే పోయేది ప్రింటరే.

కొత్త ఒరిజినల్ అంటారా, నెలకు పది పేజీలు తీసేవాళ్లకి పర్వాలేదు. రోజూ వందల్లో తీసేవాళ్లు ఈ చిప్ గొడవలేవీ పెట్టుకోకుండా, సీసాతో నేరుగా ఇంకు పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కి మారిపోవచ్చు.

ఇక రీఫిల్ షాపులో డబ్బులిచ్చే ముందు అక్కడే నాజిల్ చెక్ పేజీ తీయించండి. తెల్ల గీతలు లేకుండా వస్తేనే కార్ట్రిడ్జ్ చేతికి తీసుకోండి.