పెళ్లికూతురి మేకప్ బుక్ చేస్తున్నారా? ‘టీమ్ నుంచి మరొకరు వస్తారు’ అన్న లైను చూసుకోండి

మా చెల్లెలి పెళ్లి తిరుపతిలో, తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణ మండపంలో జరిగింది. ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామున 5:40కి ముహూర్తం. మేకప్ ఆర్టిస్టుది చిత్తూరు. ఆమె పేరు రాయను. రెండింటికీ కలిపి 32,000కి మాట్లాడుకుని, 16,000 అడ్వాన్సు ఇచ్చాం. ఒక పేజీ అగ్రిమెంటు పంపితే నేనే సంతకం పెట్టాను. తప్పు అక్కడే జరిగింది, చేసింది నేను.

ఆ పేజీలో ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. అది అందరూ రాసేదేలే అనుకున్నా. దాని కిందే ‘అనివార్య కారణాల వల్ల ఆర్టిస్టు రాలేకపోతే టీమ్ నుంచి మరొకరు వస్తారు’ అని ఉంది. అది చదివి ఇంకా ధైర్యం తెచ్చుకున్నా, ఎవరూ రాకుండా పోరు కదా అని.

రిసెప్షన్ రోజు మధ్యాహ్నం మూడింటికి మెసేజ్ వచ్చింది. మేడమ్‌కు జ్వరం, అసిస్టెంటు బయల్దేరింది, మిగతా 16,000 ఇప్పుడే పంపండి అని. ఆ టైములో ఏం బేరమాడతాం? పంపేశాం. జ్వరం నిజమే, ఆస్పత్రి చీటీ కూడా తర్వాత చూపించారు. జబ్బు చేసినందుకు ఆమెను ఒక్క మాట అనను. కానీ మేం 32,000 ఒప్పుకున్నది ట్రయల్‌లో ఆమె చేతి పని చూసి. వచ్చిన అమ్మాయి కిట్‌లో మా చెల్లెలి రంగుకు సరిపోయే ఫౌండేషన్ లేదు. ఒక షేడు తెల్లగా ఉన్నది వేసింది. గదిలో బాగానే అనిపించింది. స్టేజీ లైట్ల కింద ముఖం బూడిద పూసినట్టు, మెడ వేరే రంగులో పడింది. చీర మాత్రం చక్కగా కట్టింది, అది ఒప్పుకోవాలి.

అసలు దెబ్బ ముహూర్తానికి తగిలింది. అగ్రిమెంటులో ‘రాత్రి 2:30 రిపోర్టింగ్’ అని ఉంది. ప్రయాణం దగ్గర ‘ట్రావెల్ ఎక్స్‌ట్రా’ అని రెండే మాటలు. ఎంతో లేదు, రాత్రి బస ఎవరు చూడాలో లేదు. మేం గది ఇస్తామని వాళ్లకు తెలియదు, వాళ్లు ఉండరని మాకు తెలియదు. రాత్రి తొమ్మిదికి ఆ అమ్మాయి చిత్తూరు వెళ్లిపోయింది. డెబ్బై కిలోమీటర్లు, గంటన్నర దారి. మళ్లీ బయల్దేరి వచ్చేసరికి 3:50 అయింది.

పెళ్లికూతురు 5:40కి రెడీ అయితే చాలదు. ముందు గౌరీపూజకు కూర్చోవాలి, మా పురోహితుడు 4:45కి రమ్మన్నారు. ముఖానికి, జడకు, చీరకు కలిపి తక్కువలో తక్కువ రెండుంబావు గంటలు కావాలి. అంటే మంగళస్నానం ముగించుకుని 2:30కి కుర్చీలో ఉండాలి. చెల్లెలు 2:15కే తల తుడుచుకుని కూర్చుంది. దక్కింది 55 నిమిషాలు. పూలజడ మా అత్త కుట్టింది. కంటి మేకప్ సగంలో ఉండగానే ‘పెళ్లికూతురిని పిలవండి’ అని కేక వినిపించింది. తలంబ్రాల ముందు మధుపర్కం చీర మార్చాలి కదా, అప్పటికి ఆ అమ్మాయి సామాను సర్దేసుకుంది. ‘అక్కా, ప్యాకేజీలో ఒక్క చీరే ఉంది’ అంది. చూస్తే నిజమే.

తర్వాత బిల్లు వచ్చింది. కారు రెండు సార్లు తిరిగినందుకు 6,000. రిసెప్షన్‌కు పెళ్లికూతురు నలుగు దగ్గర్నుంచి అరగంట ఆలస్యంగా వచ్చినందుకు 1,000. మేం ఆలస్యం చేస్తే అరగంటకు 1,000 అని రాసి ఉంది మరి. వాళ్లు ఆలస్యం చేస్తే ఏమిటో ఎక్కడా లేదు. పెళ్లి సందడిలో అదీ కట్టేశాం. మొత్తం 39,000.

డబ్బు అడిగితే ‘నాన్ రీఫండబుల్’ అన్నారు. చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా బంధువు ఒకాయన చెప్పాక తెలిసింది, ఈ సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉందని. ఒక మనిషి సొంత నైపుణ్యం కోసం చేసుకున్న ఒప్పందమైతే ఆ మనిషే చేయాలని 40వ సెక్షను చెబుతుంది. అక్కడిచ్చిన ఉదాహరణ బొమ్మ వేసేవాడిది. 65వ సెక్షను కింద ఇంకో ఉదాహరణ ఉంది. కచేరీలో పాడతానని వెయ్యి రూపాయలు ముందే తీసుకున్నవాడు జబ్బుపడి పాడలేకపోయాడు. అవతలివాడికి పోయిన లాభానికి పరిహారం ఇవ్వక్కర్లేదు, కానీ ఆ వెయ్యీ తిరిగి ఇవ్వాల్సిందే. పాట తీసి మేకప్ పెట్టుకోండి, మన కథే.

‘మరి మనకు ఎందుకు గట్టిగా పనికిరావడం లేదు మామా?’ అంటే ఆయన నా సంతకం చూపించాడు. ‘మరొకరు వస్తారు’ అన్నదానికి నువ్వే ఒప్పుకున్నావు గదమ్మా, ఆవిడ చేతి పనే కావాలని ఇంకెట్లా అంటావు అన్నాడు. మాకు మిగిలిన పట్టు ఆలస్యం ఒక్కటే. 2:30 అని రాసి ఉంది, వాచ్‌మన్ రిజిస్టరులో 3:50 ఉంది. అది సేవాలోపం కిందికి వస్తుంది. ఆ మాటతో లాయరు నోటీసు వెళ్లాక 12,000 వెనక్కి ఇచ్చారు. ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాళ్లం. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కూ చెప్పుకోవచ్చు.

మొన్న శ్రీనివాస మంగాపురంలో మా పిన్ని కూతురి పెళ్లికి బుక్ చేసేటప్పుడు ఇలా రాయించాం: ‘మేకప్ ఫలానా ఆర్టిస్టు స్వయంగా చేస్తారు. జబ్బు వల్ల రాలేకపోతే వెంటనే తెలపాలి. బదులు మనిషి ఎవరో పేరు, చేసిన పని ఫొటోలు పంపాలి. వద్దనే హక్కు మాది. వద్దంటే అడ్వాన్సు మొత్తం మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఒప్పుకుంటే అసిస్టెంటు రేటే ఇస్తాం.’ అసిస్టెంటు రేటు ఎంతో అంకె కూడా అప్పుడే వేయించాం. టైము దగ్గర వచ్చే టైము కాదు, పెళ్లికూతురు కుర్చీలోంచి లేచే టైము రాయించాం. ఆలస్యానికి కోత ఇద్దరికీ ఒకటే. ప్రయాణం ఇంత అని ఒకే అంకె, రాత్రి బస మండపంలోనే. మధుపర్కం చీర కట్టేదాకా ఉండాలి. మిగతా సొమ్ము రిసెప్షన్ తర్వాత సగం, ముహూర్తం తర్వాత సగం.

కొండ మీద పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. అలిపిరి గేటు రాత్రి కొన్ని గంటలు మూసే ఉంటుంది. కాబట్టి తెల్లవారుజాము ముహూర్తమైతే ఆర్టిస్టు ముందు రోజే పైకి రావాలి, ఆ గది సంగతి ముందే తేల్చుకోండి. తిరుమలలో పూలన్నీ స్వామివే, ఆడవాళ్లు తలలో పెట్టుకోరు. ప్యాకేజీలో పూలజడకు వేల రూపాయలు కలిపి ఉంటే తీయించేయండి.

పై షరతులు చూపిస్తే ఇద్దరు ఆర్టిస్టులు ‘మేం ఇట్లా చేయం’ అన్నారు. మూడో ఆవిడ అంతా చదివి, తనవైపు నుంచి ఒకటి చేర్చింది: పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు ఆరు నెలలు చెల్లుతుంది, రద్దయితే సగమే ఇస్తాను అని. న్యాయమే అనిపించింది. ఆవిడకే ఇచ్చాం.