3+ గుర్తు చెప్పని సంగతులు: మూడేళ్ల వాడకం తరువాత

మా అమ్మాయికి ఐదేళ్లున్నప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో మొదటి గేమ్ వేసి ఇచ్చాను; ఇప్పుడు తనకు ఎనిమిదేళ్లు. ఈ మూడేళ్లలో గూగుల్ ప్లేలోని వయసు రేటింగులూ, కొనుగోలు సెట్టింగులూ ఎంతవరకు అక్కరకు వచ్చాయో, ఎక్కడ చాలలేదో రాస్తున్నాను.

మన దేశంలో గూగుల్ ప్లే చూపించే 3+, 7+, 12+, 16+, 18+ గుర్తులు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ విధానం ప్రకారం వస్తాయి. గేమ్ తయారుచేసినవారు ఒక ప్రశ్నావళి నింపుతారు. హింస, భయం, అసభ్య పదాలు, జూదం వంటివి అందులో ఎంత మేరకు ఉన్నాయన్న దానిని బట్టి గుర్తు పడుతుంది. కాబట్టి 3+ అంటే మూడేళ్ల పిల్ల ఆడగలదని కాదు, ఎందుకంటే చదరంగానికీ అదే గుర్తు ఉంటుంది. ఆట మధ్యలో డబ్బు అడగదని అసలే కాదు. మొదటి ఏడాది నేను ఈ గుర్తు ఒక్కటే చూసి గేములు వేసేవాడిని.

ఇప్పుడు ముందుగా చూసేది గేమ్ పేరు కింద చిన్న అక్షరాలలో ఉండే Contains ads, In-app purchases అన్న మాటలను. రెండో మాట ఉంటే About this game తెరిచి చివరిదాకా వెళ్తాను; గేము లోపల అమ్మే వస్తువుల ధరలు ఎంత నుంచి ఎంతవరకో అక్కడ ఉంటుంది. ₹299 అని ఒకే ధర ఉంటే, మిగతా ఆటంతా ఒక్కసారి కొనుక్కునే రకం కావచ్చు. అలాంటివి నాకు అభ్యంతరం లేదు. పిల్లలు బొమ్మలకు రంగులు వేసుకునే గేములో పది రూపాయల నుంచి వేల రూపాయల దాకా ధరలు కనిపిస్తే మాత్రం, ఆ గేమ్ మళ్లీ మళ్లీ కొనిపించడానికే కట్టినదని నా అభిప్రాయం. రేటింగు కన్నా ఈ ఒక్క వరుసే నాకు ఎక్కువ నిజం చెప్పింది.

ఈ సంగతి తెలిసింది నా అజాగ్రత్త వల్లనే. ఒక ఆదివారం ఉదయం నా ప్లే బ్యాలెన్సులో, అంటే గూగుల్ ప్లే ఖాతాలో నిలువ ఉండే డబ్బులో, గిఫ్ట్ కోడ్ ద్వారా వచ్చిన ₹500 ఉన్నాయి. పాస్‌వర్డు కొట్టి ₹120 పెట్టి ఒక ఈ-పుస్తకం కొన్నాను, పది నిమిషాల తరువాత ఫోను పాపకు ఇచ్చి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మెయిలులో నాలుగు రసీదులు ఉన్నాయి, ఒక్కొక్కటి గేములో వాడే ₹89 రత్నాల సంచికి. బ్యాలెన్సులో ₹24 మిగిలింది. కార్డుతో కొంటే బ్యాంకు ఓటీపీ అడుగుతుంది కదా అన్న ధీమాతో ఉన్నాను గానీ, ప్లే బ్యాలెన్సు నుంచి పోయే డబ్బుకు బ్యాంకుతో పనే లేదు. పైగా కొనే ముందు పాస్‌వర్డు అడిగే కొనుగోలు ధ్రువీకరణను నేనే ముప్పై నిమిషాలకు ఒకసారి అని పెట్టుకున్నాను. పుస్తకం కోసం కొట్టిన పాస్‌వర్డే ఆ అరగంటా పాపకు తలుపు తీసి పెట్టింది. 48 గంటలు దాటకముందే, నా అనుమతి లేకుండా బిడ్డ కొన్నదని రాసి రిఫండ్ కోరితే డబ్బు తిరిగి వచ్చింది.

ఆ రోజే ప్లే సెట్టింగులలో కొనుగోలు ధ్రువీకరణను ప్రతి కొనుగోలుకూ తప్పనిసరి చేశాను. అయితే దీనిలోనూ ఒక మెలిక ఉంది. ధ్రువీకరణకు వేలిముద్ర పెట్టుకుంటే, ఆ ఫోనులో నమోదైన ఏ వేలైనా చెల్లుతుంది. ఫోను తెరుచుకోవడానికని ముచ్చటపడి పాప వేలు కూడా నమోదు చేసిన మా ఇంట్లో అది తాళంచెవి చేతికిచ్చినట్టే. పాప వేలిముద్ర తీసేశాను.

తరువాత తనకు వేరే ఫోను ఇచ్చి, పిల్లల ఫోను వాడకాన్ని తల్లిదండ్రులు అదుపులో ఉంచుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ ద్వారా పిల్లల ఖాతా తెరిచి, కొనుగోలు అనుమతిని All content మీద ఉంచాను. ఇప్పుడు ఉచిత గేమ్ కావాలన్నా పాప అడిగినట్టు నాకు కబురు వస్తుంది. ఆఫీసు మీటింగు మధ్యలో రోజుకు ఆరు కబుర్లు రావడం విసుగే, కానీ ప్రతి కబురూ ఆ ధరల వరుస చూడడానికి నాకు దొరికే సమయం. ఈ అనుమతి గూగుల్ ప్లే బిల్లింగు గుండా జరిగే కొనుగోళ్లకే వర్తిస్తుందని, గేమ్ వేరే వెబ్‌సైటుకు తీసుకుపోయి అక్కడ అమ్మితే దీనికి అందదని గుర్తుంచుకోవాలి.

ప్రకటనల విషయంలో ఈ సెట్టింగులేవీ నాకు తోడు రాలేదు. అందుకని ప్రకటనలు రాకుండా ఇంటర్నెట్ ఆపి ఆడించగలిగే గేములే ఉంచుదామని, డబ్బు పెట్టి కొన్న గేమును అదే రోజు ఎయిర్‌ప్లేన్ మోడులో తెరిచి చూస్తాను. ఇంటర్నెట్ లేనిదే ముందుకు కదలకపోతే, గడువు ఉండగానే రిఫండ్ అడిగేస్తాను.