ఊదకి "కొత్త మందు" అని ఇస్తే సీసా వెనక చూసి కొనండి

సార్వాకి వెద వరి వేసేవాళ్లు కలుపు మందు కొనేముందు ఇది ఒక్కసారి చదవండి. నాకు మూడెకరాల్లో తగిలిన దెబ్బ ఇది.

మాది కృష్ణా డెల్టా. కూలీలు దొరక్క ఐదేళ్లుగా నాట్లు మానేసి విత్తనం వెదజల్లుతున్నాం. వెద వరిలో ఊద వరితోపాటే మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు ఏది వరో ఏది ఊదో గుర్తుపట్టడం కష్టం. ఆకు మొదట్లో వరికి నాలుకలాంటి చిన్న పొర ఉంటుంది, ఊదకి ఉండదు. వంగి ఒక్కో మొక్కా చూసేంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే అందరిలాగే నేనూ 18, 20 రోజులకి నీళ్లు తీసేసి, బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకి 100 మి.లీ. చొప్పున కొట్టేవాణ్ణి. మూడేళ్లు చేను అద్దంలా ఉంది.

నాలుగో ఏడు గట్టు పక్కన ఒక గుంపు మిగిలింది. మందు సరిగ్గా తగల్లేదేమో అనుకుని వదిలేశాను. నా తప్పు అక్కడే. ఆ గుంపు కంకి వేసి గింజ రాల్చింది. పోయిన సార్వాలో అదే చోటి నుంచి అరెకరం దాకా పాకింది.

షాపుకి పరిగెత్తితే, "బాబాయ్, ఆ మందు పాతబడిపోయింది, ఇది కొత్తది, ఖరీదెక్కువైనా దెబ్బకి పోతుంది" అని పెనాక్సులం సీసా చేతిలో పెట్టాడు. కొట్టాను. రెండు వారాలకి తుంగ మాడిపోయింది, ఊద మాత్రం కొత్త ఆకు వేసింది. చివరికి కూలీలని పెట్టి పీకించాను. ఆ కూలి ఖర్చు ముందు మందుల ఖర్చు ఒక లెక్కే కాదు.

తర్వాత కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే అసలు సంగతి తెలిసింది. బిస్‌పైరిబాక్, పెనాక్సులం పేర్లు వేరు, కంపెనీలు వేరు, ధరలు వేరు. మొక్కలో రెండూ దెబ్బకొట్టేది మాత్రం ఒక్కచోటే. మొక్క ఎదగడానికి కావలసిన మూడు అమైనో ఆమ్లాలని తయారుచేసే ఏఎల్ఎస్ అనే ఎంజైమ్ ఒకటుంది. రెండు మందులూ దానికే అడ్డుపడతాయి. ఆ ఎంజైమ్ ఆకారం కొంచెం తేడాగా ఉన్న మొక్కకి మందు అతుక్కోదు. అలాంటి మొక్క ఒక మందుని తట్టుకుంటే, అదే గ్రూపులోని మిగతావాటిని కూడా తట్టుకునే అవకాశం ఎక్కువ. అన్నీ తప్పకుండా ఫెయిలవుతాయని కాదు, ఎంజైమ్‌లో మార్పు ఎక్కడ వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ డబ్బు పెట్టి ఆ జూదం ఎందుకు?

మందు కొట్టడం వల్ల గడ్డి మొండిదైపోయిందని మా ఊళ్లో అంటుంటారు. అది నిజం కాదు. తట్టుకునే మొక్క ముందునుంచే ఎక్కడో ఒకటి ఉంటుంది. లెక్క కోసం పది లక్షల మొలకల్లో ఒకటి అనుకుందాం. మందు కొట్టగానే మిగతావన్నీ చచ్చి, దానికి పోటీ లేకుండా పోతుంది. ఒక్క ఊద మొక్క వేల గింజలు రాలుస్తుంది. వచ్చే ఏడు అందులో వంద మొలిచినా మళ్లీ అదే మందు కొడతాం కాబట్టి ఆ వందా బతుకుతాయి. మొదటి రెండు మూడేళ్లు మనకేమీ కనిపించదు. కనిపించేసరికి భూమిలో గింజ నిండిపోయి ఉంటుంది. మందు మనం విత్తనం ఏరినట్టు ఏరిపెడుతోందన్నమాట.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మినుము సంగతి. వరి తర్వాత మినుము వేస్తున్నాం కదా, పంట మార్పిడి అయిపోయింది అనుకునేవాణ్ణి. మినుములో కలుపుకి నేను కొట్టింది ఇమాజిథాపిర్. అదీ ఏఎల్ఎస్ గ్రూపే! పంట మారినా మందు దెబ్బ మారలేదు. ఏడాదికి ఒకసారి కాదు, రెండుసార్లు అదే జల్లెడ పట్టాను.

కాబట్టి కొనేటప్పుడు పెద్ద అక్షరాల పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉన్న టెక్నికల్ పేరు చదవండి. వరిలో వాడేవాటిలో బిస్‌పైరిబాక్, పెనాక్సులం, అజిమ్‌సల్ఫ్యురాన్, పైరాజోసల్ఫ్యురాన్, ఇథాక్సీసల్ఫ్యురాన్, ట్రయాఫమోన్ అన్నీ ఏఎల్ఎస్ గ్రూపువే. "రెండు మందుల కాంబినేషన్" అన్నా మోసపోకండి. ట్రయాఫమోన్, ఇథాక్సీసల్ఫ్యురాన్ కలిపిన మందులో రెండూ ఒకే గ్రూపు. ఊదమీద పనిచేసే వేరే గ్రూపు కావాలంటే, మొలకెత్తకముందు ప్రెటిలాక్లోర్ (వెద వరికైతే మొలకకి హాని లేకుండా సేఫ్‌నర్ కలిపినదే కొనాలి), మొలిచాక సైహలోఫాప్ బ్యూటైల్ ఉన్నాయి. 2,4-డి వేరే గ్రూపే అయినా ఊదని చంపదు, అది కొట్టి మందు మార్చాననుకుంటే కుదరదు. ఇంకొక మెలిక కూడా ఉంది. సైహలోఫాప్, మినుములో గడ్డికి కొట్టే క్విజలోఫాప్ రెండూ ఒకే గ్రూపు. వరిలో ఒకటి కొట్టిన ఏడు మినుములో రెండోది కొడితే మళ్లీ మొదటికే వస్తాం.

మార్చి కొడితే ఏమవుతుందంటే, బిస్‌పైరిబాక్‌ని తట్టుకున్న మొక్క సైహలోఫాప్‌కి చస్తుంది, గింజ రాల్చదు. అంతే కిటుకు. అయితే ఇది ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. కొన్ని గడ్లు మందుని లోపలే విరగ్గొట్టేసుకుంటాయి, వాటికి గ్రూపుతో పనిలేదు. చెప్పిన మోతాదు కంటే తగ్గించి కొట్టినా, నాలుగు ఆకులు దాటాక కొట్టినా అలాంటివి మిగిలిపోతాయి. హర్యానా గోధుమలో గుల్లీ దండా గడ్డికి ఏళ్ల తరబడి ఐసోప్రొట్యురాన్ ఒక్కటే కొట్టారు. 1990ల మొదట్లో అది పనిచేయడం మానేసింది. తర్వాత వచ్చిన క్లోడినాఫాప్, సల్ఫోసల్ఫ్యురాన్‌లకి కూడా కొన్నేళ్లకి అదే గతి పట్టింది. ఫెయిలయ్యాక మార్చడం కంటే, పనిచేస్తున్నప్పుడే మార్చడం మేలు.

గడ్డి మిగిలిన ప్రతిసారీ కారణం ఇదే అనుకోకండి. అన్ని రకాల కలుపూ మిగిలితే మందు నకిలీదో, వాన పడిందో. వరసగా బద్దలాగా మిగిలితే నాజిల్ తప్పు. ఎర్రటి సన్న కంకి వేసే లెప్టోక్లోవా మిగిలితే అది బిస్‌పైరిబాక్‌కి మొదటినుంచీ లొంగని గడ్డి. ఒకే వయసు ఊదలో కొన్ని చచ్చి, వాటి పక్కనే కొన్ని పచ్చగా ఉండి, పోయినేడు మిగిలిన చోటే మళ్లీ మిగిలితే మాత్రం అనుమానించాలి.

నేను మిగిలిన ఊద గింజలు కొన్ని, ఎప్పుడూ మందు ఎరగని కాలవ గట్టు ఊద గింజలు కొన్ని తెచ్చి వేరువేరు కుండీల్లో వేశాను. మూడాకుల దశలో లీటరు నీటికి అర మి.లీ. బిస్‌పైరిబాక్ కలిపి (ఎకరాకి 200 లీటర్ల లెక్క) రెండింటికీ కొట్టాను. మూడు వారాలకి గట్టువి 20లో ఒక్కటి మిగిలింది. నా చేనువి 20లో 16 బతికాయి.

ఈ సార్వాకి ముందే నీళ్లు పెట్టి, మొలిచిన ఊదని దమ్ములో కలిపేసి, వారం ఆలస్యంగా వెదజల్లాను. ప్రెటిలాక్లోర్ కొట్టాను, తర్వాత సైహలోఫాప్. మినుములో గడ్డికి ఈసారి మందు కొట్టను, పీకించడమే. ఊద పూర్తిగా పోలేదు. మిగిలినవాటిని కంకి రాకముందే నేనే పీకి గట్టుమీద వేస్తున్నాను.