చల్లారే నీటి నుంచి k: ఏ దారిన రాబట్టడం మేలు?

ఒక రాశి మారే వేగం ఆ రాశికే అనులోమానుపాతంలో ఉంటే అది ఘాతీయంగా పెరుగుతుంది, లేదా తరుగుతుంది. ఈ మాటను నిరూపించడానికి రెండు మూడు దారులున్నాయి. సూత్రం వచ్చాక కొలతల నుంచి స్థిరాంకం k ను రాబట్టడానికీ అన్ని దారులే ఉన్నాయి. వాటిలో ఏది ఎప్పుడు నమ్మదగినదో వేడినీళ్లు చల్లారే ఒకే ఉదాహరణ మీద చూద్దాం.

నీటి ఉష్ణోగ్రత T, చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రత Tₛ. న్యూటన్ శీతలీకరణ నియమం ప్రకారం చల్లారే వేగం T కి కాదు, T − Tₛ తేడాకి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ తేడాను θ అందాం. Tₛ మారకుండా ఉన్నంతసేపూ T మారే వేగమూ θ మారే వేగమూ ఒకటే కాబట్టి సమీకరణం ఇలా కుదురుతుంది:

```
dθ/dt = −kθ
```

సూత్రం రాబట్టడం: విడదీయాలా, గుణించాలా?

పాఠ్యపుస్తకాల దారి చలరాశులను విడదీయడం. θ ఉన్నవన్నీ ఒకవైపు, t ఉన్నవన్నీ మరోవైపు పెట్టి రెండువైపులా సమాకలనం చేస్తారు:

```
dθ/θ = −k dt
ln|θ| = −kt + C
θ = θ₀ e^(−kt)
```

మూడు వరుసల్లో పని అయిపోతుంది. కానీ ఇందులో రెండు గుంటలున్నాయి. మొదటిది: θ తో భాగించిన క్షణమే θ = 0 కాదని ఒప్పేసుకున్నాం. నీళ్లు మొదటినుంచీ గాలి ఉష్ణోగ్రతలోనే ఉంటే? అదీ సమీకరణానికి సరైన సాధనే, కానీ ఈ దారిలో అది జారిపోతుంది, విడిగా చేర్చుకోవాలి. రెండోది C. దాన్ని లాగ్ ఉన్న వరుసలోనే రాయాలి. లాగ్ తీసేశాక గుర్తొచ్చి θ = e^(−kt) + C అని చివర తగిలించడం చాలా జవాబు పత్రాల్లో కనిపించే తప్పు. సంకలనంగా ఉన్న C లాగ్ విప్పగానే గుణకంగా మారుతుంది, అదే θ₀.

రెండో దారి θ ను e^(kt) తో గుణించి, ఆ లబ్ధం అవకలజం చూడడం:

```
d/dt (θ e^(kt)) = (dθ/dt + kθ) e^(kt) = 0
```

అవకలజం ఎప్పుడూ సున్నా కాబట్టి θ e^(kt) మారదు. t = 0 దగ్గర దాని విలువ θ₀, కనుక ఎప్పుడూ θ₀. భాగహారం లేదు, లాగ్ లేదు, పరమ మూల్యం గుర్తు లేదు, θ = 0 కూడా లోపలే ఉంది. పైగా ఇంకో సాధన ఉండే వీలు లేదన్న సంగతి కూడా ఈ ఒక్క వరుసలోనే తేలిపోతుంది.

నిరూపణగా చూస్తే రెండోదే మేలు. అయినా మొదటిదాన్ని వదలకూడదు. e^(kt) తో గుణించాలని ముందే తెలిసినవాడికే రెండో దారి తడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, విడదీసే దారి మధ్యలో వచ్చే ln θ = ln θ₀ − kt అన్న వరుస సరళరేఖ సమీకరణం. ప్రయోగశాలలో k చదివేది ఆ గీత మీదే.

k చదవడం: అవే కొలతలు, నాలుగు దారులు

గాలి 25 డిగ్రీలు. థర్మామీటరు అర డిగ్రీ వరకు చదవగలం. పదేసి నిమిషాలకు నీటి ఉష్ణోగ్రత ఇలా వచ్చిందనుకుందాం:

```
t (నిమిషాలు)  0     10    20    30    40    50    60
T (°C)        85    69.5  58    49.5  43    38.5  35
θ             60    44.5  33    24.5  18    13.5  10
ln θ          4.094 3.795 3.497 3.199 2.890 2.603 2.303
```

అన్నిటికన్నా తేలికగా తోచేది మొదటి వేగాన్ని θ₀ తో భాగించడం. మొదటి 10 నిమిషాల్లో 15.5 డిగ్రీలు తగ్గింది, అంటే నిమిషానికి 1.55. దాన్ని 60 తో భాగిస్తే 0.0258. కింద గీత నుంచి వచ్చే 0.0299 కన్నా ఇది దాదాపు 14 శాతం తక్కువ. కారణం లెక్క తప్పడం కాదు: 1.55 అన్నది పది నిమిషాల సగటు వేగం, 60 ఏమో మొదటి క్షణపు తేడా. ఆ పది నిమిషాల్లో θ తగ్గుతూనే ఉంది, వేగమూ తగ్గుతూనే ఉంది. సగటు వేగాన్ని సగటు θ తోనే భాగించాలి: 60, 44.5 ల సగటు 52.25, 1.55/52.25 = 0.0297. ఈ చిన్న సవరణతో ఈ పద్ధతి అక్కరకొస్తుంది, సవరణ లేకపోతే వాడకపోవడమే నయం.

రెండోది, రెండు కొలతలు తీసుకుని ln(θ₁/θ₂) ను వాటి మధ్య గడిచిన సమయంతో భాగించడం. ఇక్కడ ఏ రెండు కొలతలన్నదే ప్రశ్న. చివరి రెండూ తీసుకుంటే ln(13.5/10)/10 = 0.0300, చక్కగానే వచ్చింది. కానీ 35 బదులు 35.5 అని చదివి ఉంటే అదే లెక్క 0.0251 ఇస్తుంది, 34.5 అని చదివితే 0.0351. అర డిగ్రీ పొరపాటుకు k ఆరో వంతు కదిలిపోయింది. మొదటి, చివరి కొలతలు తీసుకుంటే అదే అర డిగ్రీకి k 0.0290 నుంచి 0.0307 దాకానే ఊగుతుంది.

అలాగని సమయం ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ కాదు. ఇంకా ఆగితే θ మరీ చిన్నదై అర డిగ్రీయే పెద్ద భాగమవుతుంది. పొరపాటు e^(kt)/t లాగా మారుతుంది, అది కనిష్ఠమయ్యేది t = 1/k దగ్గర. మన నీళ్లకు అది సుమారు 33 నిమిషాలు, అంటే θ మొదటిదాంట్లో 37 శాతానికి దిగే సమయం. రెండే కొలతలు తీసుకునే వీలుంటే రెండోది అక్కడ తీసుకోవాలి. k తెలియకుండా 1/k ఎలా తెలుస్తుందంటారా? తేడా మూడో వంతుకు కాస్త పైన ఉన్నప్పుడు చదివితే చాలు.

మూడోది అన్ని బిందువులనూ ln θ, t అక్షాల మీద పెట్టి వాటి గుండా గీత గీయడం. పై పట్టికకు కనిష్ఠ వర్గాల పద్ధతిలో వాలు −0.0299 వస్తుంది, k = 0.0299. తేడా సగమయ్యే కాలం 0.693/k, అంటే 23 నిమిషాలు. దీన్ని నేరుగా పట్టికలో సరిచూసుకోవచ్చు: θ 60 నుంచి 30 కి దిగేది 20, 30 నిమిషాల మధ్య, 20 కి దగ్గరగా. సరిపోయింది. రెండు కొలతల పద్ధతితో పోలిస్తే k లో వచ్చిన మెరుగుదల కొంచెమే. గీత అసలు విలువ వేరే ఉంది: బిందువులు వంగితే అది మనకు కనిపిస్తుంది. రెండు బిందువుల గుండా ఎప్పుడైనా సరళరేఖే పోతుంది, నియమం వర్తించకపోయినా అది ఏదో ఒక k ను ఇచ్చి ఊరుకుంటుంది.

గీత వంగితే

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. గాలి 25 ఉండగా 22 అని పెట్టుకున్నామనుకోండి. అప్పుడు మొదటి 20 నిమిషాల వాలు 0.0280, చివరి 20 నిమిషాల వాలు 0.0240: గీత పోనుపోను చదునవుతుంది. 28 అని పెట్టుకుంటే మొదట 0.0321, చివర 0.0381: గీత పోనుపోను నిటారవుతుంది. తోక ఎటు వంగిందో చూస్తే Tₛ ఎటు తప్పిందో తెలుస్తుంది. అసలు Tₛ ను తీసేయడమే మరిచి ln T గీస్తే మొదటి, చివరి కొలతల నుంచి k 0.0148 వస్తుంది, అసలు విలువలో సగం.

కానీ ఒక మెలిక ఉంది. మూత లేని పాత్రలో నీళ్లు బాగా వేడిగా ఉన్నప్పుడు ఆవిరి రూపంలోనూ వేడి పోతుంది, మొదట్లో వేగం ఎక్కువ. నిశ్చలమైన గాలిలో కూడా, వేడిగాలి తనంతట తాను పైకి లేవడం వల్ల, తేడా పెద్దదైనకొద్దీ వేగం అనులోమానికి మించి పెరుగుతుంది. రెండింటిలోనూ గీత మొదట నిటారుగా, తర్వాత చదునుగా కనిపిస్తుంది. అంటే Tₛ తక్కువ పెట్టుకున్నప్పటి ఆకారమే. గీత ఒక్కదాన్నే చూసి ఈ రెండు కారణాలనూ విడదీయలేం. అందుకే గాలి ఉష్ణోగ్రతను పాత్రకు దూరంగా మరో థర్మామీటరుతో మొదట్లో, చివర్లో కొలవాలి. ఆవిరిని మూత పెట్టి ఆపాలి. ఫ్యాను గాలి తగిలేలా పెడితే నియమం ఇంకా బాగా నిలుస్తుంది.

Tₛ అక్కర్లేని నాలుగో దారి

గాలి ఉష్ణోగ్రత రాసుకోవడం మరిచిపోయిన పట్టిక చేతికొస్తే సమాన విరామాల్లోని మూడు కొలతలు చాలు. 0, 30, 60 నిమిషాల దగ్గర 85, 49.5, 35. మొదటి తగ్గుదల 35.5, రెండోది 14.5. వ్యవకలనంలో Tₛ కొట్టుకుపోయింది, కాబట్టి నిష్పత్తి నేరుగా e^(−30k):

```
14.5/35.5 = 0.408
k = −ln(0.408)/30 = 0.0299
Tₛ = (T₀T₂ − T₁²)/(T₀ + T₂ − 2T₁) = 524.75/21 = 25.0
```

చూడ్డానికి ఇంద్రజాలంలా ఉంటుంది, నమ్మకం మాత్రం తక్కువ. మధ్య కొలతను 49.5 బదులు 50 అని చదివితే k 0.0282 కి జారుతుంది. చివరిదాన్ని 35.5 అని చదివితే Tₛ 26.4 అయిపోతుంది. అందుకని Tₛ కొలిచి ఉంటే లాగ్ గీతే వాడాలి, ఈ దారిని సరిచూసుకోవడానికి ఉంచుకోవాలి. కొలవకపోతే ఇదొక్కటే గతి.

k వచ్చాక దాన్ని ఎలా పలకాలి

k = 0.0299 అని ఊరికే రాస్తే అర్థం లేదు, "నిమిషానికి" అని ఉండాలి. గంటకు అదే 1.79, సెకనుకు 0.0005. గీతను పది ఆధారపు లాగ్‌తో గీసి ఉంటే వాలు −0.0130 వస్తుంది, దాన్ని 2.303 తో గుణించాకే k.

ఇంకో సంగతి, k శాతం కాదు. పది నిమిషాలకు k 0.30 అయితే తేడా 30 శాతం తగ్గిందనుకుంటారు, పట్టికలో తగ్గింది 26 శాతమే, ఎందుకంటే 1 − e^(−0.30) = 0.26. పెరుగుదలలో ఈ తేడా కళ్లు తిరిగేలా ఉంటుంది. 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియాకు గుర్తు మారి dN/dt = kN అవుతుంది, k = 0.693/20, అంటే గంటకు 2.08. గంటలో అది మూడుసార్లు రెట్టింపై 8 రెట్లవుతుంది, అంటే పెరుగుదల 208 శాతం కాదు, 700 శాతం. k ని విరామంతో గుణిస్తే వచ్చేది 0.1 లోపు ఉన్నంతవరకు దాన్ని శాతంగా చదివినా పెద్దగా పోయేదేమీ లేదు. అది దాటితే e^(kt) వేసి చూడాల్సిందే.