వెనక వెలుగు బొమ్మలో ముఖం: నల్లగా వదిలేయాలా, కళ్లూ ముక్కూ ఉంచాలా?

ఫ్రెండ్ ఒకడు వాళ్ల తాతయ్య ఫొటో పంపి డిజిటల్ పెయింటింగ్ వేసిపెట్టమన్నాడు. సాయంత్రం, గుమ్మం దగ్గర తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడాయన, ముఖం కొంచెం పక్కకి తిప్పి ఉంది, ఎండ వెనక నుంచి పడి చెంపకీ చెవికీ నెరిసిన గడ్డానికీ అంచున వెలుగు గీత. ముఖంలో ఎంత ఉంచాలో తేలక మూడు రకాలుగా వేసి పక్కపక్కన పెట్టుకున్నా.

మొదటిది ఫొటోలో ఉన్నదంతా దించేయడం. అస్సలు బాలేదు. ఫోన్ కెమెరా నీడల్ని లేపేస్తుంది కదా, ఎండకి ఎదురుగా తీసినా ముడతలతో సహా కనిపిస్తాయి, అది నమ్మి దించితే ముందు నుంచి ఎవరో టార్చ్ కొట్టినట్టుంది, అంచు వెలుగేమో తెల్ల పెన్నుతో గీసిన బోర్డర్ అయిపోయింది. పైగా కంటిగుడ్డు తెల్లగా వేసేశా. నీడలో అది చర్మం కంటే ఒక్క పిసరు లేతగా ఉంటే చాలు.

రెండోది మొత్తం నలుపు. చూడ్డానికి అదిరింది గానీ అది తాతయ్య కాదు, తువ్వాలు చుట్టుకున్న ఎవరైనా కావచ్చు. పూర్తిగా పక్క నుంచి తీసిన ఫొటో అయితే నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం అన్నీ అవుట్‌లైన్ మీదే ఉంటాయి, అప్పుడు నలుపే మేలు, లోపల ఏం వేసినా దండగ. ఇక్కడ ముక్కు అవుట్‌లైన్ లోపల పడింది కాబట్టి నల్లరంగు పోయగానే మాయమైపోయింది.

అందుకే నా ఓటు మూడోదానికి. బ్రైట్‌నెస్ స్లైడర్ 100 అనుకుంటే ముఖం మొత్తం 8కీ 20కీ మధ్యే తిరగాలి అని పెట్టుకున్నా. కంటి గుంటలు, ముక్కు కింద నీడ, పెదాల మధ్య గీత, అంతే, ముడతలన్నీ తీసేశా. ఫొటోలో వెనక ఆకాశం తెల్లగా ఉండి అంచు వెలుగు అందులో కలిసిపోయింది, దాన్ని 45కి దించితేగానీ 95లో వేసిన అంచు కనపడలేదు. ఆ అంచు కూడా అంతటా ఒకే లావు కాదండోయ్, చెంప ఎముక మీద లావుగా, దాని కింద సన్నబడి తెగిపోయి, మళ్లీ దవడ దగ్గర మొదలవుతుంది, ముఖం ఆకారం సగం అదే చెప్పేస్తుంది. ఎండ చెవిలోంచి దూరి వస్తుంది కాబట్టి అక్కడ ఎర్రగా నారింజ రంగు.

బొమ్మని పోస్టల్ స్టాంపంత చేసి చూడండి, అంచు కంటే ముందు కళ్లు కనపడితే డీటెయిల్ ఎక్కువైనట్టు. పెద్దగా చేసినా ఎటు చూస్తున్నాడో తెలీకపోతే తక్కువైనట్టు.

పంపాక వాళ్లమ్మగారు "ముక్కు పక్కన పులిపిరి ఏదీ?" అన్నారట. 18లో చిన్న చుక్క పెట్టి మళ్లీ పంపా.