తిరుపతిలో గర్భిణికి ఫ్లైట్ టికెట్ తీస్తున్నారా? ‘ఏడో నెలే కదా’ అంటే నమ్మకండి

మా చెల్లెలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. సీమంతానికి తిరుపతి వచ్చి, రెండు వారాలుండి, ఆఫీసు పని అప్పగించడానికి మళ్లీ వెళ్లాలి. బస్టాండు దగ్గర మాకు తెలిసిన ట్రావెల్స్‌లో రానూపోనూ ఫ్లైట్ టికెట్లు తీశాను. గర్భిణి అని మొదటే చెప్పాను. “ఏడో నెలే కదన్నా, ఎనిమిది పడ్డాకే పేపర్లు అడుగుతారు” అన్నాడు అతను. వచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు, అందుకే మేమూ పట్టించుకోలేదు.

అక్టోబర్ 26న రేణిగుంట ఎయిర్‌పోర్టులో కౌంటర్ అమ్మాయి మా చెల్లెలి పొట్ట చూసి ఒకటే ప్రశ్న వేసింది: “ఎన్ని వారాలు మేడం?” ఏడో నెల అన్నాం. నెలలు కాదు, వారాలు చెప్పండి అంది. మా దగ్గర జవాబు లేదు.

మోసపోయింది ఈ లెక్కలోనే. చెల్లెలికి చివరి నెలసరి మొదలైంది ఏప్రిల్ 5న. స్కాన్ రిపోర్టులో కాన్పు తేదీ జనవరి 10. డాక్టర్లకు నిండు నెలలంటే 40 వారాలు. అక్టోబర్ 26 నుంచి జనవరి 10కి 76 రోజులు, అంటే పది వారాల ఆరు రోజులు. 40లోంచి తీసేస్తే 29 వారాల ఒక రోజు. ఆమె వచ్చిన 11వ తేదీకి సరిగ్గా 27 వారాలు. మన ఇంటి లెక్కలో రెండూ ఏడో నెలే! ఆ ఎయిర్‌లైన్‌లో 28 వారాలు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. కొన్నిటికి ఈ గీత 32 దగ్గర ఉంటుంది. 36 దాటాక చాలా ఎయిర్‌లైన్లు ఎక్కించుకోవు, కవలలైతే ఇంకా ముందే ఆపేస్తాయి. అందుకే టికెట్ తీసే ముందు తిరుగు ప్రయాణం రోజుకి ఎన్ని వారాలవుతాయో లెక్క కట్టి, ఆ ఎయిర్‌లైన్ సైట్‌లో మీరే చూసుకోండి.

ఫ్లైట్ వెళ్లిపోయింది, 4,800 పోయాయి. ఫోన్ చేస్తే ట్రావెల్స్ అతను రెండు ఉపాయాలు చెప్పాడు. ఐదొందలిస్తే డాక్టర్ స్టాంపు వేసిన సర్టిఫికెట్ తెప్పిస్తాడట, మనిషి వెళ్లక్కర్లేదట. లేదా రాత్రికి కారు పెడతాడట, తెల్లారేసరికి హైదరాబాద్. డబ్బు పోయినదానికంటే ఈ మాటకే నాకు ఎక్కువ మండింది.

మేం చెల్లెల్ని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె బీపీ చూసి, కాళ్లు నొక్కి చూసి, బ్లీడింగ్ ఏమైనా ఉందా అని అడిగి, పాత స్కాన్‌లో మాయ కిందికి ఉందేమో చూసింది. ఇవన్నీ బాగున్నాకే సర్టిఫికెట్ రాసింది. ఎన్ని వారాలు, కాన్పు తేదీ, ఒకే బిడ్డ, ఇబ్బందులేవీ లేవు, ఫలానా తేదీన విమానంలో వెళ్లొచ్చు అని రాసి, కింద రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ వేసింది. ఆ తేదీ కూడా ముఖ్యమే. ప్రయాణానికి ఇన్ని రోజుల లోపు తీసుకున్నదే చెల్లుతుందని ఎయిర్‌లైన్లు షరతు పెడతాయి. నెల ముందే తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే పనికిరాదు.

కారు సంగతి అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. కడుపుతో ఉన్నప్పుడు రక్తం మామూలుకంటే త్వరగా గడ్డకడుతుంది, పైగా పెరిగిన గర్భసంచి కాళ్ల నుంచి రక్తం పైకి వెళ్లే నరాలను నొక్కుతుంది. పది పన్నెండు గంటలు ముడుచుకుని కూర్చుంటే పిక్కలో గడ్డ కట్టే ప్రమాదం ఉందట. తప్పనిసరైతే పగలు బయల్దేరి, రెండు గంటలకోసారైనా దిగి నాలుగడుగులు నడవాలి, నీళ్లు బాగా తాగాలి, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించాలి. సీటు బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తుంటి మీదుగా పెట్టుకోవాలి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే మర్దన చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం వస్తే అసలు ఆలస్యం చెయ్యకూడదు. ఇంకో మాట కూడా అంది: “మీరు నాలుగు నుంచి ఆరో నెల మధ్యలో పెట్టుకుని ఉండాల్సింది ఈ తిరుగుడు.” అప్పటికి వాంతులు తగ్గుతాయి, పొట్ట ఇంకా బరువెక్కదు. కానీ సీమంతం ముహూర్తం మన చేతిలో ఉంటుందా చెప్పండి!

మర్నాడు 6,300 పెట్టి వేరే టికెట్ తీసి, నడవా పక్క సీటు అడిగి పంపించాం. కౌంటర్‌లో సర్టిఫికెట్ చూసి రెండు నిమిషాల్లో బోర్డింగ్ పాస్ ఇచ్చారు.

ట్రావెల్స్ అతన్ని పాత టికెట్ డబ్బు అడిగితే “రూల్ ఎయిర్‌లైన్‌ది, నాదేముందన్నా” అంటున్నాడు. సర్టిఫికెట్ అక్కర్లేదని నోటితో చెప్పాడు తప్ప, వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయలేదు. మీరైతే ఆ మాట మెసేజ్‌లో పెట్టించుకున్నాకే డబ్బు కట్టండి.